పది ఐటీసీలకు ఒక హోటల్ షేరు

2025 జనవరి 6, సోమవారం. ఉదయం పది దాటాక ఫోన్‌లో తమ షేర్ల ఖాతా తెరిచి చూసుకున్న ఐటీసీ వాటాదారులు చాలామంది ఉలిక్కిపడే ఉంటారు. శుక్రవారం ఎన్‌ఎస్‌ఈలో 481 రూపాయల 60 పైసల దగ్గర ముగిసిన షేరు, సోమవారం 455 రూపాయల 60 పైసల దగ్గర మొదలైంది. సిగరెట్ల మీద కొత్త పన్నేమీ పడలేదు, కంపెనీ నుంచి చెడ్డ వార్తేమీ రాలేదు. అయినా రాత్రికి రాత్రి షేరుకు 26 రూపాయలు కనబడకుండా పోయాయి.

పోయినవి హోటళ్లు. హైదరాబాదులో దుర్గం చెరువు పక్కనున్న కోహినూర్, బేగంపేటలోని కాకతీయ, గుంటూరులోని వెల్‌కమ్‌హోటల్‌తో సహా దేశమంతటా ఉన్న హోటళ్ల వ్యాపారాన్ని ఐటీసీ విడదీసి, ‘ఐటీసీ హోటల్స్ లిమిటెడ్’ అనే వేరే కంపెనీకి అప్పగించింది. గుంటూరు పొగాకు, భద్రాచలం దగ్గర సారపాక కాగితం మిల్లు, ఆశీర్వాద్ పిండి, సిగరెట్లు పాత కంపెనీలోనే ఉండిపోయాయి. సోమవారం నాడు మార్కెట్ ధర కట్టింది ఈ మిగిలిన ఐటీసీకి. హోటళ్లు వాటాదారుల దగ్గర నుంచి ఎక్కడికీ పోలేదు. వేరే షేరు రూపంలో వాళ్లకే రావలసి ఉంది. కాకపోతే అది ఖాతాలో పడి, అమ్ముకోవడానికి వీలయ్యేదాకా 29వ తేదీ వరకు ఆగాల్సి వచ్చింది.

దీన్నే డీమెర్జర్ అంటారు. ఒక కంపెనీ తన వ్యాపారాల్లో ఒకదాన్ని ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు, ఒప్పందాలతో సహా మరో కంపెనీకి బదలాయిస్తుంది. దానికి ప్రతిఫలంగా ఆ రెండో కంపెనీ తన షేర్లను మొదటి కంపెనీ వాటాదారుల చేతికి ఇస్తుంది. డబ్బు చేతులు మారదు. బోనస్ షేరుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. బోనస్‌లో అదే కంపెనీ కాగితాలు ఎక్కువవుతాయి, అంతే. డీమెర్జర్‌లో వచ్చేది ఇంకో కంపెనీ షేరు. దానికి వేరే బోర్డు, వేరే లెక్కలు, వేరే డివిడెండు ఉంటాయి. ‘ఫ్రీగా షేర్లు వచ్చాయి’ అని వాట్సాప్‌లో తిరిగిన మాట అందుకే సరైనది కాదు. ఒక చేత్తో ఐటీసీ ధరలోంచి తీసి, మరో చేత్తో ఇచ్చారు.

ఐటీసీ హోటళ్ల రంగంలోకి వచ్చింది 1975లో, చెన్నైలో చోళా హోటల్‌తో. చిత్రమేమిటంటే, ఐటీసీ హోటల్స్ అనే పేరుతో ఒక లిస్టెడ్ కంపెనీ అంతకుముందే ఒకటి ఉండేది. దాన్ని 2005లో ఐటీసీ తనలో కలిపేసుకుంది. ఇరవయ్యేళ్లకు మళ్లీ అదే పేరుతో బయటికి పంపింది. కలిపినప్పుడు దాని కారణాలు దానికున్నాయి, విడదీసినప్పుడు దీని కారణాలు దీనికున్నాయి. ఫైవ్ స్టార్ హోటల్ కట్టాలంటే వందల కోట్లు పోయాలి, అవి తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. గ్రూపు పెడుతున్న పెట్టుబడిలో ఐదో వంతుకు అటూఇటూ హోటళ్లు మింగేస్తున్నాయనీ, ఆదాయంలో మాత్రం వాటి వాటా ఐదు శాతం దాటడం లేదనీ విశ్లేషకులు ఏళ్ల తరబడి సణుగుతూనే ఉన్నారు. సిగరెట్ల మీద వచ్చే డబ్బంతా డివిడెండుగా ఇవ్వక హోటళ్లకు తగలేస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదు.

చివరికి 2023 జులై 24న బోర్డు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఇన్నాళ్లు అడిగింది జరిగితే షేరు పెరగాలి కదా? ఆ రోజు దాదాపు 4 శాతం పడింది. ఎందుకంటే కంపెనీ హోటళ్లను పూర్తిగా వదులుకోలేదు. కొత్త కంపెనీలో 40 శాతం తన దగ్గరే ఉంచుకుని, మిగతా 60 శాతమే వాటాదారులకు ఇస్తానంది.

ఈ నలభై, అరవై లెక్క కాస్త నిదానంగా చూడాలి. వాటాదారుకు ఎన్ని షేర్లు వస్తాయన్నది ఇక్కడే తేలుతుంది. ఐటీసీకి అప్పటికి సుమారు 1,251 కోట్ల షేర్లున్నాయి. ప్రతి పది ఐటీసీ షేర్లకు ఒక హోటల్ షేరు చొప్పున ఇస్తే 125 కోట్ల షేర్లవుతాయి. ఇవి అరవై శాతం కావాలంటే మొత్తం 208 కోట్ల షేర్లుండాలి. మిగిలిన 83 కోట్లు ఐటీసీవి. పదికి ఒకటి అన్న నిష్పత్తికి దానంతట దానికి ప్రత్యేకమైన అర్థమేమీ లేదు. ఐదుకు ఒకటి ఇచ్చి ఉంటే షేర్లు రెట్టింపయ్యేవి, ఒక్కోదాని ధర సగమయ్యేది. చూడాల్సింది నిష్పత్తిని కాదు, నేరుగా చేతికొస్తున్న శాతాన్ని.

ఆ నలభై శాతం మాత్రం వాటాదారులకు పోయినట్టా? పోలేదు. ఐటీసీలో వాటా ఉన్నవాడికి ఐటీసీ దగ్గరున్న హోటల్ షేర్లలో కూడా పరోక్షంగా వాటా ఉన్నట్టే. అందుకే కంపెనీ ‘వంద శాతం విలువా మీదే, అరవై నేరుగా, నలభై మా ద్వారా’ అని చెప్పుకొచ్చింది. లెక్కప్రకారం అది నిజమే. కానీ ఒక కంపెనీ దాచుకున్న మరో కంపెనీ షేర్లకు మార్కెట్ ఎప్పుడూ పూర్తి ధర కట్టదు. వాటాదారు వాటిని తనకు కావాల్సినప్పుడు అమ్ముకోలేడు కాబట్టి కొంత తగ్గించే చూస్తుంది. కొత్త కంపెనీకి పెద్ద వాటాదారు అండ, ఐటీసీ పేరు వాడుకునే స్థిమితం ఉండాలన్నది యాజమాన్యం వాదన. అందులో పస లేదని అనను. అయితే హోటళ్ల ఖర్చు నుంచి పూర్తిగా తప్పించుకోవాలనుకున్న వాటాదారుకు దక్కింది అరవై శాతం విముక్తే.

బోర్డు ఒప్పుకున్న రోజుకూ షేరు చేతికొచ్చిన రోజుకూ మధ్య ఏడాదిన్నర గడిచింది. అది మామూలే. కంపెనీల చట్టం ప్రకారం ముందు ‘స్కీమ్’ అనే పత్రం తయారవుతుంది. ఏ ఆస్తి ఎటు పోతుంది, ఏ కేసు ఎవరిది, ఉద్యోగి సర్వీసు ఎలా కొనసాగుతుంది, ఎన్ని షేర్లు ఇస్తారు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని స్టాక్ ఎక్స్ఛేంజీలు, సెబీ చూసి అభ్యంతరం లేదనాలి. తర్వాత జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశం మీద వాటాదారుల సమావేశం పెట్టాలి. ఓటేసిన వారిలో విలువ ప్రకారం మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. ఐటీసీ వాటాదారుల ఓటింగు 2024 జూన్ 6న జరిగింది. మొదట్లో అంత గొణిగినా, చివరికి 99 శాతానికి పైగా ఓట్లు అనుకూలంగానే పడ్డాయి. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు కోల్‌కతాలో కాబట్టి అక్కడి ట్రిబ్యునల్ బెంచి అక్టోబరు 4న ఆమోదించింది. 2025 జనవరి 1 నుంచి స్కీమ్ అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి హోటళ్ల లాభనష్టాలు కొత్త కంపెనీవి.

ఆ కొత్త షేర్లు ఎవరికి ఇవ్వాలో తేల్చేది రికార్డు తేదీ. జనవరి 6 రికార్డు తేదీ అంటే, ఆ రోజు ముగిసేసరికి ఎవరి డీమ్యాట్ ఖాతాలో ఐటీసీ షేర్లుంటే వాళ్లే అర్హులు. మన దగ్గర ఇవాళ కొన్న షేరు మర్నాటి పనిదినాన ఖాతాలో పడుతుంది. కాబట్టి ఆఖరి అవకాశం జనవరి 3, శుక్రవారం. శుక్రవారం కొన్నవాడికి హోటల్ షేరు వచ్చింది, సోమవారం కొన్నవాడికి రాలేదు. దీన్ని తిరగేసి చూస్తే, సోమవారం ఐటీసీ అమ్మేసినవాడికి కూడా హోటల్ షేరు వచ్చింది, ఎందుకంటే ఆ అమ్మకం సెటిలయ్యేది మంగళవారం. చాలామందికి మింగుడుపడనిది ఇదే. ‘నేను అమ్మేశాను కదా, నా ఖాతాలోకి ఈ షేర్లెలా వచ్చాయి’ అని కొందరు, ‘నిన్ననే కొన్నాను, నాకెందుకు రాలేదు’ అని కొందరు. సోమవారం కొన్నవాడు 26 రూపాయలు తక్కువకు కొన్నాడు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదు.

ఆ 26 రూపాయలు ఎవరు నిర్ణయించారు? సోమవారం ఉదయం ఐటీసీ ఒక్కదానికే తొమ్మిది నుంచి పది దాకా ప్రత్యేక ప్రీ ఓపెన్ సెషన్ పెట్టారు. హోటళ్లు లేని ఐటీసీకి ఎంతిస్తారు, ఎంతకు అమ్ముతారు అని కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఆర్డర్లు వేశారు. ఎక్కువ షేర్లు చేతులు మారగల ధర 455.60 అని తేలింది. శుక్రవారం ముగింపు ధరలోంచి దీన్ని తీసేస్తే 26. పది ఐటీసీలకు ఒక హోటల్ షేరు కాబట్టి, హోటల్ షేరు విలువ 260 రూపాయలన్నమాట. బీఎస్‌ఈలో ఇదే లెక్క 27 రూపాయలకు వచ్చింది.

ఈ 260 చూసి చాలామంది మోసపోయారు. మోసం ఎవరూ చేయలేదు, అర్థం చేసుకోవడంలోనే పొరపాటు. సోమవారం ఉదయం హోటల్ షేరును ఎవరూ కొనలేదు, అమ్మలేదు. బేరం జరిగింది ఐటీసీకి. హోటల్ ధర ఆ బేరంలో మిగిలిన శేషం. ఆ వేళ ఐటీసీని ఎవరైనా ఒకటి రెండు రూపాయలు ఎక్కువకో తక్కువకో కొన్నారంటే, ఆ తేడా హోటల్ షేరు దగ్గరికి వచ్చేసరికి పదింతలవుతుంది. ఐటీసీ 458 దగ్గర తేలి ఉంటే హోటల్ షేరు 236 అయ్యేది. అంచనాగా పనికొస్తుంది గానీ, దాన్ని పట్టుకుని నా హోటల్ షేర్లు ఇంత అని పుస్తకంలో రాసుకోవడం తొందరపాటు.

జనవరి 29న అసలు పరీక్ష జరిగింది. ఐటీసీ హోటల్స్ ఎన్‌ఎస్‌ఈలో 180 దగ్గర, బీఎస్‌ఈలో 188 దగ్గర లిస్టయింది. అంచనా వేసిన 260కి ఇది ఎనభై రూపాయలు తక్కువ. దీని వెనక కంపెనీ గుణదోషాల కన్నా, షేర్లు ఎవరి చేతికి చేరాయన్నదే ఎక్కువ పనిచేసింది. డీమెర్జర్‌లో షేరు వచ్చేది దాన్ని కోరి కొన్నవాళ్లకు కాదు. సిగరెట్ల డివిడెండు కోసం ఐటీసీ పట్టుకున్నవాళ్ల ఖాతాలో హోటల్ షేరు వచ్చిపడుతుంది. వాళ్లలో చాలామందికి అది అక్కర్లేదు, వచ్చిన ధరకు వదిలించుకుంటారు. ఇంకోవైపు ఇండెక్స్ ఫండ్లు ఉన్నాయి. ఐటీసీ సెన్సెక్స్‌లో, నిఫ్టీలో ఉంది కాబట్టి, విడిపోయిన హోటల్ షేరును కూడా తాత్కాలికంగా ఆ సూచీల్లో ఉంచారు. సెన్సెక్స్ నుంచి దాన్ని ఫిబ్రవరి 5న తీసేశారు. సూచీలోంచి పోయిన షేరును ఇండెక్స్ ఫండ్ అమ్మి తీరాలి, ధర నచ్చినా నచ్చకపోయినా.

పైగా మొదటి పది రోజుల ట్రేడింగ్ ‘ట్రేడ్ టు ట్రేడ్’ విభాగంలో నడిచింది. అంటే పొద్దున కొని సాయంత్రం అమ్మే ఆటలు కుదరవు, కొన్న ప్రతి షేరూ డెలివరీ తీసుకోవాల్సిందే. రోజుకు ఐదు శాతం మించి పెరగడానికీ తగ్గడానికీ వీల్లేదు. ఊహాగానాలకు పగ్గం వేయడానికి పెట్టిన నియమం ఇది. కానీ అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ ఉన్న రోజుల్లో రోజువారీ వ్యాపారుల కొనుగోళ్లు కూడా ఉండవు. కొత్తగా విడిపోయిన షేరు తొలి వారాల్లో చూపించే ధర, హోటళ్ల గదులు ఎన్ని నిండాయన్న దానికన్నా, ఎవరు అమ్మక తప్పని స్థితిలో ఉన్నారన్న దాన్నే ఎక్కువ చెబుతుంది.

పెద్దవాళ్లూ అంతే. ఐటీసీలో అప్పటికి నాలుగో వంతు వాటా ఉన్న బ్రిటిష్ అమెరికన్ టొబాకోకు ఈ లెక్కన కొత్త కంపెనీలో సుమారు 15 శాతం నేరుగా వచ్చింది. సిగరెట్ల కంపెనీకి హైదరాబాదులో హోటల్ గదులతో ఏం పని? తమకు ఆ వ్యాపారం మీద దీర్ఘకాలిక ఆసక్తి లేదని ముందే చెప్పింది, 2025 చివర్లో అందులో పెద్ద భాగం అమ్మేసింది కూడా. ఇలాంటి అమ్మకం తలమీద ఉందని అందరికీ తెలిసినంతకాలం షేరు మీద ఆ బరువు ఉంటుంది.

ఇక ఒక మామూలు వాటాదారు లెక్క కడదాం. గుంటూరులో రిటైరైన ఒక మాస్టారు ఉన్నారనుకోండి. 2021లో 210 రూపాయల చొప్పున 257 ఐటీసీ షేర్లు కొన్నారు. పెట్టింది 53,970 రూపాయలు. జనవరి 3న వాటి విలువ 1,23,771. సోమవారం 1,17,089. అంటే ఫోన్‌లో 6,682 రూపాయలు తగ్గినట్టు కనిపించింది. పదికి ఒకటి చొప్పున ఆయనకు రావలసింది 25.7 హోటల్ షేర్లు.

ఆ ముక్క షేరును ఖాతాలో వేయడం కుదరదు. 25 షేర్లు ఖాతాలో పడతాయి. దేశమంతటా ఇలా మిగిలిన ముక్కలన్నీ పోగుచేసి, పూర్తి షేర్లుగా మార్చి ఒక ట్రస్టీకి కేటాయిస్తారు. ఆ ట్రస్టీ వాటిని మార్కెట్లో అమ్మి, ఖర్చులూ పన్నులూ పోను వచ్చిన డబ్బును ఎవరి ముక్క మేరకు వారి బ్యాంకు ఖాతాకు పంపుతాడు. ఈ అమ్మకం మూడు నెలల్లోగా పూర్తి చేయాలని సెబీ నియమం. మాస్టారికి 0.7 షేరుకు 180 లెక్కన 126 రూపాయలు రావచ్చు. తొమ్మిదో, ఏడో ఐటీసీ షేర్లు మాత్రమే ఉన్నవాళ్లకు హోటల్ షేరు ఒక్కటీ రాదు, ఈ చిల్లర డబ్బే వస్తుంది. బ్యాంకు ఖాతాలో ‘ఫ్రాక్షనల్’ అన్న మాటతో ఏ వందో రెండు వందలో జమైతే అదేమిటని కంగారు పడక్కర్లేదు. మాస్టారి 25 షేర్లు 180 చొప్పున 4,500. ముక్కతో కలిపి 4,626. పోయిన 6,682కి వచ్చిన 4,626కి మధ్య రెండు వేల చిల్లర తేడా, పైన చెప్పిన 260, 180 మధ్య తేడాయే.

ఇంతవరకూ మార్కెట్ లెక్క. ఆదాయపు పన్ను దగ్గరికి వచ్చేసరికి లెక్క మొత్తం మారిపోతుంది. ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే.

చట్టం చెప్పిన షరతులు పాటించిన డీమెర్జర్‌లో షేర్లు వచ్చినందుకు పన్ను లేదు. అమ్మినప్పుడే పన్ను. అమ్మినప్పుడు లాభం తేలాలంటే కొన్న ధర తెలియాలి. హోటల్ షేరు మనం కొనలేదు కదా, దాని కొన్న ధర ఎంత? సున్నా అని రాసేవాళ్లున్నారు. 180 అని రాసేవాళ్లున్నారు. రెండూ తప్పే. ఐటీసీకి పెట్టిన పాత ధరనే రెండు ముక్కలు చేసి, ఒక ముక్క హోటల్ షేర్లకు, ఒక ముక్క ఐటీసీకి అంటగట్టాలి. ఆ ముక్కలు చేసేది మార్కెట్ ధర ప్రకారం కాదు. విడిపోయిన హోటళ్ల పుస్తక విలువకూ, విడిపోక ముందు ఐటీసీ మొత్తం నికర విలువకూ ఉన్న నిష్పత్తి ప్రకారం. కంపెనీయే దాన్ని లెక్కగట్టి వాటాదారులకు ప్రకటించింది. హోటళ్లకు దాదాపు 13.5 శాతం, ఐటీసీకి దాదాపు 86.5 శాతం.

మార్కెట్ హోటళ్లకు ఇచ్చింది 481లో 26, అంటే ఐదున్నర శాతమే. పన్ను చట్టం ఇచ్చింది పదమూడున్నర. ఇంత తేడా ఎందుకంటే సిగరెట్ వ్యాపారానికి పుస్తకాల్లో ఉన్న ఆస్తి తక్కువ, తెచ్చే లాభం ఎక్కువ. హోటళ్లకు స్థలాలు, కట్టడాల రూపంలో పుస్తకాల్లో ఆస్తి ఎక్కువ, లాభం తక్కువ. మార్కెట్ లాభాన్ని చూస్తుంది, చట్టం పుస్తకాన్ని చూస్తుంది.

మాస్టారి 210 రూపాయల్లో 13.5 శాతం అంటే 28.35. పది ఐటీసీలకు ఒక హోటల్ షేరు కాబట్టి ఒక్కో హోటల్ షేరు కొన్న ధర 283 రూపాయల 50 పైసలు. ఐటీసీ కొన్న ధర 210 నుంచి 181.65కి దిగుతుంది. ఇప్పుడాయన 25 హోటల్ షేర్లు 180కి అమ్మితే, పన్ను లెక్కలో ఒక్కో షేరుకు 103.50 నష్టం, మొత్తం 2,587 రూపాయల 50 పైసలు. సున్నా ధర అని రాసి ఉంటే 4,500 లాభం చూపించి, లేని లాభానికి లెక్క చెప్పుకునేవారు. పైగా ఈ షేర్లు ఎప్పటి నుంచి ఉన్నట్టు? డీమెర్జర్ షేరుకు పాత షేరు కొన్న తేదీయే లెక్క. ఆయన ఐటీసీ కొన్నది 2021లో కాబట్టి, హోటల్ షేరు వచ్చిన నెలలోనే అమ్మినా అది దీర్ఘకాలిక నష్టమే. దాన్ని దీర్ఘకాలిక లాభాల మీదే సర్దుకోగలరు. ఆ ఏడాది సర్దుకోలేకపోతే, గడువులోగా రిటర్ను వేస్తే, ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు.

రెండో ముక్క మరిచిపోతే మాత్రం ఇబ్బంది. 2024లో 450 పెట్టి ఐటీసీ కొన్న ఇంకొకరున్నారనుకోండి. డీమెర్జర్ తర్వాత కొన్నాళ్లకు 420కి అమ్మారు. ముప్పై రూపాయలు నష్టపోయానని వాళ్ల మనసులో ఉంటుంది. కానీ చట్టం ప్రకారం వాళ్ల ఐటీసీ కొన్న ధర ఇప్పుడు 389 రూపాయల 25 పైసలు. 420కి అమ్మితే 30.75 లాభం. ఆ షేరు కొని ఏడాది నిండకపోతే దానిపై 20 శాతం పన్ను. వాళ్ల అసలు నష్టమంతా హోటల్ షేర్లలో దాక్కుని ఉంది. ఒక్కోదాని కొన్న ధర 607.50 కదా. ఆ హోటల్ షేర్లు కూడా అమ్మితేనే ఆ నష్టం లెక్కలోకి వస్తుంది. ఐటీసీ అమ్మి హోటల్ షేర్లు ‘ఎన్నో లేవులే’ అని వదిలేసినవాళ్లు లాభానికి పన్ను కట్టి, నష్టాన్ని ఇంట్లో పెట్టుకున్నట్టు. ఏ ఏడాది ఐటీసీ అమ్ముతున్నారో అదే ఏడాది మార్చిలోగా ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.

బ్రోకరు యాప్ చూపించే ‘సగటు ధర’ను గుడ్డిగా నమ్మకూడదనడానికి కారణం కూడా ఇదే. కొన్ని యాప్‌లు కంపెనీ ప్రకటించిన నిష్పత్తి ప్రకారం సరిదిద్దుతాయి, అదీ కొన్ని వారాల తర్వాత. కొన్నింటిలో కొత్త షేరుకు సున్నా చూపిస్తుంది, ఐటీసీ పాత ధర అలాగే ఉండిపోతుంది. తెలుసుకోవడం తేలికే. హోటల్ షేర్ల మొత్తం కొన్న ధర, ఐటీసీ మొత్తం కొన్న ధర కలిపితే, ముక్క షేరు ధరతో సహా, మీరు మొదట పెట్టిన డబ్బు రావాలి. మాస్టారికైతే 53,970. రాలేదంటే యాప్‌లో ఎక్కడో సరిచేయలేదని అర్థం. కొన్నప్పటి కాంట్రాక్ట్ నోట్లు, కంపెనీ నిష్పత్తి ప్రకటన కలిపి ఒక ఫైల్లో పెట్టుకుంటే ఆడిటర్‌కు పని తేలిక. 2018 ఫిబ్రవరికి ముందు కొన్న షేర్లకు పాత లాభాలను వదిలేసే ప్రత్యేక లెక్క ఒకటుంది. దాన్ని డీమెర్జర్‌తో కలిపి సొంతంగా కట్టుకునే సాహసం చేయొద్దనే నా సలహా.

చివరగా, తండ్రుల కాలం నాటి షేర్ల సంగతి. ఐటీసీ పాత కంపెనీ. ట్రంకు పెట్టెల్లో కాగితపు సర్టిఫికెట్లు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. కొత్త కంపెనీ షేర్లు కాగితం మీద ఇవ్వరు, డీమ్యాట్‌లోనే ఇస్తారు. కాబట్టి సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చున్నవారి హోటల్ షేర్లు వాళ్లకు చేరకుండా వేరే ఖాతాలో ఉండిపోతాయి. కేవైసీ పూర్తిచేసి, డీమ్యాట్ ఖాతా వివరాలిచ్చి రిజిస్ట్రార్ దగ్గర అడిగి తెచ్చుకోవాలి. అంతకన్నా చిక్కు, ఏడేళ్లు వరసగా డివిడెండు తీసుకోని షేర్లది. అవి చట్టప్రకారం కేంద్రం నడిపే ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు బదిలీ అయిపోతాయి. డీమెర్జర్ నాటికి ఐటీసీ షేర్లు ఆ ఫండ్ పేరు మీద ఉంటే, వాటికి రావలసిన హోటల్ షేర్లు కూడా ఆ ఫండ్‌కే వెళ్లాయి. పోలేదు, వారసులు తెచ్చుకోవచ్చు. దానికి IEPF-5 అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపి, కాగితాలు కంపెనీకి పంపాలి. ఇప్పుడవి రెండు వేర్వేరు కంపెనీలు కాబట్టి, నాన్నగారి ఐటీసీ షేర్ల కోసం ఒక దరఖాస్తు, వాటి తాలూకు హోటల్ షేర్ల కోసం ఇంకో దరఖాస్తు పెట్టుకోవాలి. మొదటిదొక్కటే పెట్టి ఐటీసీ షేర్లు వచ్చాక పనైపోయిందనుకుంటే, హోటల్ షేర్లు ఫండ్‌లోనే ఉండిపోతాయి.